చెమట పట్టకముందే జిప్పు తీయాలి: మైనస్ 18 వీధికీ ఉక్కపోసే మెట్రోకీ మధ్య కోటుతో వేగడం ఎలా

కెనడాలోని మాంట్రియల్‌లో నా మొదటి జనవరిలో ఒక రోజు పొద్దున మెట్రో దిగి పైకొచ్చేసరికి వీపంతా తడిసిపోయి ఉంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం సిటీ బస్సులో నిలబడితే పట్టేంత చెమట. బయట మైనస్ 18. ఆఫీసు ఆరు నిమిషాల నడక. మూడో నిమిషానికి నడుము దగ్గర ఎవరో చల్లటి తడిగుడ్డ చుట్టినట్టయింది, ఆరో నిమిషానికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఒంటి మీద నాలుగు పొరలున్నాయి. ఇంకా ఒకటి వేసుకోవాల్సిందేమో అనుకున్నాను. తప్పు అక్కడే ఉందని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

ఈ ఊళ్ళో చలికాలమంటే రోజంతా చలిలో ఉండటం కాదు. ఇంట్లో 22, వీధిలో మైనస్ 18, మెట్రోలో మళ్ళీ ఉక్క, వీధి, ఆఫీసులో 23. గంటలో నాలుగైదు సార్లు 40 డిగ్రీల తేడా దాటుతాం. మెట్రో సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 1966లో మొదలైన ఈ మెట్రో మొత్తం భూగర్భంలోనే నడుస్తుంది. రైళ్ళలో ఏసీ లేదు. మోటార్ల వేడి, బ్రేకుల వేడి, జనం ఒంటి వేడి అన్నీ ఆ సొరంగాల్లోనే తిరుగుతుంటాయి. జనవరిలో కూడా రద్దీ వేళ పెట్టెలో టీషర్టు సరిపోతుంది. మనం మాత్రం ధ్రువ ప్రాంతానికి బయల్దేరినట్టు తయారై ఎక్కుతాం.

ముందుగా, చెమట ఎప్పుడు పడుతోందో కనిపెట్టండి

రైల్లో కూర్చున్నప్పుడు పడుతుందనుకుంటాం. అక్కడ బయటపడుతుంది, నిజమే, కానీ అది మొదలయ్యేది అంతకు ముందే. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలం బల్బు అంత. వడిగా నడిస్తే అది దాదాపు మూడు రెట్లవుతుంది. మెట్లెక్కితే నడకకు రెట్టింపు దాకా పోతుంది. వీధిలో నడిచేటప్పుడు ఆ వేడిని చలిగాలి లాగేసుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. స్టేషన్ తలుపు దాటగానే లాగేసుకునే చలి ఉండదు, వేడి మాత్రం అలాగే పుడుతుంటుంది, కోటు మెడదాకా మూసి ఉంటుంది.

అంతకన్నా పెద్ద తప్పు బయటికొచ్చేటప్పుడు జరుగుతుంది. రైలు దిగగానే "ఎలాగూ బయటికేగా" అని ప్లాట్‌ఫాం మీదే జిప్పు పైదాకా లాగి, టోపీ పెట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, ఆ వేషంలో మెట్లెక్కుతాం. రోజు మొత్తంలో ఒళ్ళు అన్నిటికంటే ఎక్కువ వేడి పుట్టించే రెండు నిమిషాల్లో కోటు అన్నిటికంటే గట్టిగా బిగించి ఉంటుంది. ఆ తడి వీపుతోనే చలిలోకి అడుగుపెడతాం.

పైగా చెమట కుళాయి కట్టేసినట్టు ఆగదు. ఒంటి లోపలి వేడి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి, కోటు విప్పాక కూడా కొన్ని నిమిషాలు కారుతూనే ఉంటుంది. అందుకే "చెమట పడుతోంది, ఇప్పుడు విప్పుదాం" అనుకునేసరికే ఆలస్యమైపోతుంది.

తడిస్తే ఎంత నష్టమో ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక గ్రాము చెమట ఆరడానికి సుమారు 2400 జౌళ్ళ వేడి కావాలి. లోపలి బట్టల్లో 50 గ్రాములు పట్టిందనుకోండి, అంటే మూడు పెద్ద చెంచాల నీళ్ళు, పిండినా రాలనంత. అది ఆరడానికి 1,20,000 జౌళ్ళు. ఊరికే కూర్చున్న ఒళ్ళు 20 నిమిషాల్లో పుట్టించే వేడి మొత్తం దానికే సరి. అదీ కాక, బట్ట పోగుల మధ్య గాలి ఉన్నంతసేపే ఏ స్వెటరైనా వెచ్చదనం ఇస్తుంది. ఆ గాలి స్థానంలో నీళ్ళు చేరితే వేడి 20 రెట్లకు పైగా సులువుగా బయటికి పోతుంది.

పొరలు తక్కువ, కోటు మందం

చలికి పొరలు పొరలుగా వేసుకోమని అందరూ చెబుతారు. కొండలెక్కేవాళ్ళకు ఆ మాట సరైనది, వాళ్ళు ఆగి, బ్యాగు దింపి, ఒకటి తీసి పెట్టుకోగలరు. జనంతో కిక్కిరిసిన రైలు పెట్టెలో తల మీంచి స్వెటర్ ఊడదీయడం మన వల్ల కాదు. కళ్ళద్దాలు పక్కవాళ్ళ ఒళ్ళో పడతాయి. నేను నేర్చుకున్నది ఇది: వెచ్చదనంలో ఎక్కువ భాగం ఒక్క జిప్పుతో తెరుచుకునే పైకోటులోనే ఉండాలి. లోపల ఉన్నవి ఆఫీసు వేడిలో రోజంతా హాయిగా ఉండనిచ్చేవి అయి ఉండాలి.

నేను మైనస్ 18కి వేసుకునేవి నాలుగే. ఒంటికి అంటుకుని పల్చటి మెరీనో ఉన్ని బనియన్. దాని మీద మామూలు ఆఫీసు చొక్కా. దాని మీద ముందు వైపు పూర్తిగా జిప్పున్న పల్చటి ఫ్లీస్. పైన మోకాళ్ళ దాకా వచ్చే, లోపల మెత్తటి ఈకలు కూరిన డౌన్ కోటు, తల మీదికి లాక్కునే హుడ్ దానికే కుట్టి ఉంటుంది. మైనస్ 5 దగ్గర ఫ్లీస్ ఇంట్లోనే ఉంటుంది.

బనియన్ సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడికి వచ్చే ముందు చాలామంది ఊళ్ళో మందపాటి థర్మల్స్ నాలుగు జతలు కొని తెచ్చుకుంటారు, నేనూ తెచ్చుకున్నాను. చాలావాటిలో కాటన్ ఎక్కువ. కాటన్ చెమటను బాగా పీల్చుకుంటుంది, మన ఎండాకాలానికి అదే దాని గొప్పతనం. ఇక్కడ పీల్చుకున్నది వదలకుండా పట్టుకుని కూర్చుంటుంది, వీధిలోకి రాగానే ఒంటికి చల్లగా అతుక్కుంటుంది. పల్చటి మెరీనో గానీ, ఆటలాడేవాళ్ళు వేసుకునే పల్చటి పాలిస్టర్ టీషర్టు గానీ తడిని పక్కలకు పరుస్తుంది, త్వరగా ఆరుతుంది. మెరీనో ఖరీదు, అయితే రెండు ఉంటే వారం గడిచిపోతుంది, వాసన త్వరగా పట్టదు. పాలిస్టర్ చౌక, రోజూ ఉతకాలి. ఏదైనా పల్చగానే ఉండాలి. మందపాటి థర్మల్స్ రోజంతా బయట నిలబడి పనిచేసేవాళ్ళకు. 23 డిగ్రీల గదిలో ఎనిమిది గంటలు కూర్చునేవాళ్ళకు అవి శిక్ష.

కోటు కొనేటప్పుడు రంగు కన్నా ముందు జిప్పు చూడండి. కింది నుంచి కూడా తెరుచుకునే, రెండు వైపుల జిప్పు ఉండాలి. పొడుగు కోటుకు అది లేకపోతే కూర్చున్నప్పుడల్లా మొత్తం విప్పాలి. ఉంటే నడుము దాకా కిందనుంచి తెరిచి కూర్చోవచ్చు, తొడల దగ్గర వేడి పోతుంది. షాపులోనే మందపాటి గ్లౌజుతో ఆ జిప్పు లాగి చూడండి. పట్టు దొరక్కపోతే దాని రింగుకు ఒక తాడు ముక్క కట్టుకుంటే చాలు. మంచి కోటు జేబులు లోతుగా ఉంటాయి, గ్లౌజులు, టోపీ రెండూ పట్టాలి. పట్టకపోతే చేతిలో పట్టుకోవాలి, పట్టుకోవడం విసుగై మళ్ళీ తలకే పెట్టుకుంటాం.

మఫ్లర్ బదులు మెడకు గొట్టంలా తొడుక్కునేది వాడతాను. మఫ్లర్ చుట్లు విప్పడానికి రెండు చేతులూ కావాలి. దీన్ని ఒక వేలితో కిందకు లాగితే మెడ తెరుచుకుంటుంది.

ఒక పొద్దుటి ప్రయాణం, అడుగడుగునా

నా దారి ఇది. పార్క్ ఎక్స్‌టెన్షన్‌లో ఇల్లు. ఆ పేట తెలియని దేశీ ఈ ఊళ్ళో తక్కువ. పార్క్ స్టేషన్‌కు ఎనిమిది నిమిషాల నడక. బ్లూ లైన్‌లో రెండు స్టేషన్లు వెళ్ళి జీన్ టాలన్‌లో దిగి ఆరెంజ్ లైన్, మళ్ళీ బెర్రీ యుకామ్‌లో గ్రీన్ లైన్ మారి గీ కాంకోర్డియాలో దిగాలి. తర్వాత ఆరు నిమిషాలు వీధిలో. రోజు మైనస్ 18, గాలి గంటకు 20 కిలోమీటర్లు. ఒంటికి అది మైనస్ 28లా తగులుతుంది, అంటే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే స్థాయి. కాబట్టి ముఖం, చెవులు, వేళ్ళ విషయంలో బేరం లేదు. బేరమంతా ఛాతీ, వీపుల దగ్గరే.

ఇంట్లో: బూట్లు ముందు, కోటు చివర. చాలామంది కోటు వేసుకుని, వంగి బూట్ల లేసులు కట్టుకుని, అప్పుడు తాళంచెవి వెతుక్కుంటారు. ఆ మూడు నిమిషాల్లో వీపు వెచ్చబడిపోతుంది. తాళం, ఫోను, మెట్రో కార్డు అన్నీ జేబుల్లో పడ్డాకే కోటు. కార్డు బయటి జేబులో ఉండాలి, గేటు దగ్గర లోపలి పొరలు తవ్వకూడదు.

వీధిలో: మొదటి మూడు నాలుగు నిమిషాలు కొంచెం చలిగా అనిపించాలి. గుమ్మం దాటగానే హాయిగా ఉందంటే ఒకటి ఎక్కువైందన్నమాట, ఎనిమిదో నిమిషానికి ఉడికిపోతారు. నడక వేగం కూడా ఒక మీటే. రైలు దాటిపోతుందని చివర్లో పరుగెత్తారంటే ఇక ఏ బట్టా కాపాడదు. ఐదు నిమిషాలు ముందు బయల్దేరడం ఏ కోటు కన్నా చౌక.

స్టేషన్ కనిపించగానే: తలుపుకు ఇంకో వంద అడుగులుందనగా పని మొదలుపెట్టండి. మెడ గొట్టం కిందకు లాగడం, కోటు జిప్పు ఛాతీ సగం దాకా దించడం. చలిగాలి లోపలికి పోతుంది, పోనివ్వండి. నడకతో పోగైన వేడి ఆ అర నిమిషంలో బయటికి పోతుంది. నాకు ఎక్కువ పని చేసింది ఈ ఒక్క అలవాటే.

తలుపు దాటగానే: గ్లౌజులు ఎడమ జేబులో, టోపీ కుడి జేబులో, ప్రతిసారీ అవే జేబులు. కోటు జిప్పు మొత్తం కిందకు. ఫ్లీస్ జిప్పు కూడా. ఇదంతా మెట్ల మొదట్లోనే, గోడ వారగా నిలబడి. పదిహేను సెకన్లు పడుతుంది. తల సంగతి మర్చిపోకండి. చలికి చేతుల్లో రక్తనాళాలు ముడుచుకున్నంతగా నెత్తి మీద ముడుచుకోవు, కాబట్టి టోపీ తీయగానే వేడి గబగబా పోతుంది.

రైల్లో: బ్యాక్‌ప్యాక్ ముందు దింపి కాళ్ళ మధ్య పెట్టండి. వీపుకు బ్యాగు ఆనినంతసేపు కోటు ముందు ఎంత తెరిచినా వెనక తడుస్తూనే ఉంటుంది, చాలామందికి చొక్కా మీద బ్యాగు ఆకారంలోనే మచ్చ పడుతుంది. ఇరవై నిమిషాలకు మించిన ప్రయాణమైతే కోటు పూర్తిగా విప్పి చేతి మీద వేసుకుంటాను. మధ్యలో రైలు మారేటప్పుడు మళ్ళీ తొడుక్కోకండి. జీన్ టాలన్‌లోనైనా, బెర్రీలోనైనా మారేది భూమి లోపలే, అక్కడి మెట్లూ నడకా చలివి కావు.

దిగాక: ఇదే కీలకం. మెట్లన్నీ కోటు తెరిచే ఎక్కాలి. పైకొచ్చాక తలుపుల ముందు ఒక పక్కకు ఆగి, వీపు వెనక చెయ్యి పెట్టి చూసుకుంటాను. పొడిగా ఉంటే మూసే క్రమం ఇది: ఫ్లీస్, కోటు, మెడ, టోపీ, అన్నిటికన్నా చివర గ్లౌజులు. గ్లౌజులు ముందు తొడుక్కుంటే జిప్పు పట్టుకోలేం. తేమగా ఉంటే రెండు మూడు నిమిషాలు కోటు తెరిచి అక్కడే నిలబడతాను. చలికాలంలో ఇక్కడి లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, పల్చటి బనియన్ తడి చూస్తుండగానే తగ్గుతుంది. తలుపు తోసేటప్పుడు గాలి ఎదురు తంతుంది. ఆ తలుపులు నడిమధ్య ఇరుసు మీద తిరిగేలా పెట్టింది ఆ ఒత్తిడి కోసమే. ఆ గాలి తగిలే లోపు ముఖం కప్పుకుని ఉండాలి.

ఆఫీసులో: కోటు కుర్చీకి వేలాడేయకుండా, లోపలి వైపు బయటికి తిప్పి కొక్కేనికి తగిలిస్తాను. అస్తరు ఆరాలి. డౌన్ తడిస్తే ఉండ కట్టి పల్చబడుతుంది, సాయంత్రానికి అదే కోటు సగం కోటవుతుంది.

బస్సు కోసం నిలబడాల్సి వస్తే

పైన చెప్పినదంతా నడిచేవాళ్ళకు. బస్‌స్టాప్‌లో పదిహేను నిమిషాలు నిలబడాల్సి వస్తే లెక్క మారుతుంది. నిలబడ్డ ఒళ్ళు పుట్టించే వేడి నడకలో మూడో వంతే. కాబట్టి ఏం వేసుకోవాలో తేల్చేటప్పుడు థర్మామీటర్ ఒక్కటే చూస్తే చాలదు. బయట ఎంతసేపు, నడుస్తూనా నిలబడా అన్నది చూడాలి. అలాంటి రోజు నేను మడిస్తే పిడికిట్లో పట్టే పల్చటి డౌన్ చేతుల్లేని జాకెట్ బ్యాగులో పెట్టుకుంటాను. స్టాప్ చేరి, ఒళ్ళు కాస్త చల్లబడ్డాక కోటు లోపల వేసుకుంటాను, బస్సు దూరంగా కనపడగానే తీసేస్తాను. నడుస్తూ మాత్రం వేసుకోను.

విప్పలేని భాగం కాళ్ళు

ప్యాంటు కింద మందపాటి థర్మల్ వేస్తే సాయంత్రం దాకా దాన్ని మోయాల్సిందే, ఆఫీసు బాత్రూంలో నిలబడి విప్పుకుంటే తప్ప. అదృష్టం కొద్దీ కాళ్ళకు వీపంత చెమట పట్టదు, చలి కూడా ఎక్కువ ఓర్చుకుంటాయి. మోకాళ్ళ దాకా కోటుంటే మైనస్ 15 వరకూ మామూలు ప్యాంటే చాలు నాకు. అంతకు కిందకైతే పక్కల నడుము దాకా జిప్పులున్న పైప్యాంటు వేసుకుంటాను, బూట్లు విప్పకుండానే ఊడొస్తుంది.

పాదాలది వేరే కథ. మంచుబూట్లలో ఆఫీసులో కూర్చుంటే గంటలో సాక్సులు తడుస్తాయి, సాయంత్రం వేళ్ళు మొద్దుబారడానికి సగం కారణం ఆ తడే. డెస్కు కింద ఒక జత మామూలు బూట్లు, సొరుగులో ఒక జత పొడి ఉన్ని సాక్సులు. బయల్దేరే ముందు సాక్సులు మార్చడం నిమిషం పని.

అయినా తడిస్తే

తడిశారో లేదో తేల్చుకోవడానికి నుదురు చూడొద్దు, నడుము వెనక, బ్యాగు పట్టీల కింద, ఆడవాళ్ళయితే లోదుస్తుల పట్టీ కింద చూడండి. బయటికొచ్చిన ఐదు నిమిషాలకు వీపు మాత్రమే చల్లబడి చేతులు వెచ్చగానే ఉంటే, బట్టలు చాలక కాదు, తడి వల్ల. అప్పుడు ఇంకో స్వెటర్ వేసుకుంటే రేపు ఇంకా ఎక్కువ తడుస్తారు. లోపలి బనియన్ మార్చాలి. బ్యాగులో జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో ఒక పల్చటి టీషర్టు ఎప్పుడూ ఉంటుంది నాకు. చంకల్లో రాసుకునే చెమట తగ్గించే మందు పొద్దున హడావిడిలో కన్నా రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద రాస్తే బాగా పనిచేస్తుంది. ఊరికే కూర్చున్నా, చల్లటి గదిలోనూ ధారగా పట్టే చెమటైతే అది బట్టలతో తీరేది కాదు, డాక్టర్‌కు చూపించుకోవాలి.

తడిసిన కోటును గోడ కింది కరెంటు హీటర్ మీద ఆరేయకండి, నిప్పు అంటుకోవచ్చు. తలుపుకు తగిలిస్తే రాత్రికి రాత్రే ఆరిపోతుంది.

మనవాళ్ళ ఇళ్ళలో గుమ్మం

అన్నిటికన్నా ఎక్కువ చెమట నాకు మెట్రోలో కాదు, మనవాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పట్టేది. "వెళ్ళొస్తాం" అని లేచి, కోట్లు, టోపీలు, బూట్లు అన్నీ వేసుకుంటాం. అప్పుడు మొదలవుతాయి అసలు మాటలు. ఆవిడ "బొట్టు పెడతానుండండి" అని లోపలికెళ్తుంది, ఆయన పచ్చడి సీసా సర్దుతాడు, పిల్లల చదువుల గురించి ఇంకో పావుగంట. 23 డిగ్రీల హాల్లో డౌన్ కోటులో నిలబడి ఊఁ కొడుతూ ఉంటాం. ఇప్పుడు నేను బూట్లు వేసుకుని, కోటు చేతి మీద వేసుకుని నిలబడతాను. పచ్చడి సీసా చేతికొచ్చాకే చేతులు కోటులోకి దూరుస్తాను. పసిపిల్లలకైతే ఇది ఇంకా ముఖ్యం. నిద్రపోతున్నా సరే, లోపల ఉన్నంతసేపు వాళ్ళ మంచు సూటు జిప్పు దించి ఉంచాలి, ఉక్కపోస్తోందని చెప్పలేరు కదా.

కిందటేడు ఫిబ్రవరిలో అమ్మ వచ్చింది. మంకీ క్యాప్, తల మీంచి వేసుకునే రెండు స్వెటర్లు, శాలువా, దాని మీద నా పాత కోటు. రెండు స్టేషన్లు దాటేసరికి "ఊపిరాడట్లేదురా, దింపెయ్" అంది. జీన్ టాలన్‌లో దింపి బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే విప్పుతుంటే పది నిమిషాలు పట్టింది. మర్నాడు పెట్టె అడుగు నుంచి తనే ఒకటి తీసింది, ముందు బొత్తాలున్న పాత ఉన్ని స్వెటర్, ఊళ్ళో కార్తీక మాసంలో గుడికి వేసుకెళ్ళేది. చీర కింద ఉన్ని లెగ్గింగ్, చీర మీద ఆ స్వెటర్, పైన కోటు, అంతే. స్టేషన్ తలుపు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ఆగి బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టింది, నేనింకా జిప్పు మీద చెయ్యి వేయకముందే.